పెట్టెకు దెబ్బ లేదు, లోపల బొమ్మ విరిగింది: అట్టపెట్టె కొలతలో జరిగే పొరపాట్లు

కొండపల్లి అంబారీ ఏనుగు కొరియర్‌లో విరిగిందని ఎవరు చెప్పినా నా మొదటి ప్రశ్న ఒక్కటే. పెట్టె మూసి, టేపు వేశాక, దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశారా? చాలామంది చూసి ఉండరు. అర నిమిషం పని అది. అది మానేసి కొరియర్ వాడిని తిట్టుకుంటే లాభం లేదు.

కింద చెప్పే కొలతలన్నీ ఒకే బొమ్మవి: పొడవు 220 మి.మీ., వెడల్పు 100 మి.మీ., గొడుగు కొసతో కలిపి ఎత్తు 280 మి.మీ. తెల్లపొణికి చెక్కతో చేసిన తేలికైన బొమ్మ. తొండం, గొడుగు, మావటి చేతులు విడివిడిగా చెక్కి మక్కు అనే జిగురు ముద్దతో అతికించినవి. విరిగేది కూడా ఎక్కువగా ఆ అతుకుల దగ్గరే. కొలిచేటప్పుడు ఏనుగు వీపు వరకు కొలిచి ఊరుకోకండి. బయటికి పొడుచుకొచ్చిన ప్రతి భాగమూ లెక్కలోకి రావాలి.

ఊపితే లోపల చప్పుడు, కదలిక

కారణం ఖాళీ. ఆ ఖాళీ ఎక్కడుందో తెలుసుకోకుండా దొరికిన మూలలో కాగితం ఉండలు కుక్కితే బొమ్మ మరో గోడకు ఆనుకుంటుంది, ఆ వైపు మెత్త ఉన్నా లేనట్టే. పెట్టెను పక్కకు ఊపి, తర్వాత పైకీ కిందికీ ఊపి చూడండి. కదలిక ఏ దిక్కున తెలుస్తోందో ఆ దిక్కున రెండు వైపులా సమానంగా నింపండి. ప్యాక్ చేసిన రోజు బిగుతుగా ఉండి, చేరేసరికి వదులైపోతే ఆ మెత్త బరువుకు అణిగిపోయేదన్నమాట. బబుల్ ర్యాప్ మందాన్ని గాలిలో పట్టుకుని కొలవకూడదు. దాని మీద బొమ్మను నిలబెట్టి, అప్పుడు కొలవండి.

ఏనుగు కాళ్లు విరిగాయి

ఇది అడుగున మెత్త సరిపోని లక్షణం. ఎంత మందం కావాలన్నది బొమ్మ ధరను బట్టి తేలేది కాదు, పడేటప్పుడు అది ఎంత దూరంలో ఆగుతుందన్న దాన్ని బట్టి తేలుతుంది. నడుము ఎత్తు నుంచి, అంటే సుమారు 75 సెం.మీ. నుంచి పెట్టె జారి పడిందనుకోండి. మెత్త 2.5 సెం.మీ. అణుగుతూ బొమ్మను ఆపితే దాని మీద పడే సగటు దెబ్బ దాని బరువుకు 30 రెట్లు. 1.2 సెం.మీ.లోనే ఆగాల్సి వస్తే 60 రెట్లు దాటుతుంది. ఇవి సగటు లెక్కలు, ఆ క్షణంలో తగిలే గరిష్ఠ దెబ్బ ఇంతకంటే ఎక్కువే.

ఏ మెత్త అయినా తన మందమంతా అణగదు. సగం వరకు అణుగుతుందని లెక్కవేసుకుంటే మంచిది. 2.5 సెం.మీ. అణగాలంటే మందం 5 సెం.మీ. కావాలి. పెళుసు వస్తువుకు చుట్టూ 5 సెం.మీ. మెత్త ఉండాలని కొరియర్ సంస్థలు సాధారణంగా చెప్పే మాటకు ఈ లెక్క సరిపోతుంది.

మందం సరిపోయినా కాళ్లు విరిగాయంటే మెత్త గట్టిదై ఉంటుంది. తేలికైన బొమ్మ కింద గట్టి థర్మకోల్ పలక పెడితే అది అణగనే అణగదు, చెక్కపలక మీద నిలబెట్టినట్టే. బొమ్మ పెట్టగానే కొంచెం దిగి, చేత్తో నొక్కితే ఇంకా దిగి, వదలగానే పైకి లేచేది కావాలి. మెత్తటి ఫోమ్ షీట్లు, పెద్ద బుడగల బబుల్ ర్యాప్ అలా పనిచేస్తాయి. బరువంతా నాలుగు సన్నని కాళ్ల మీదే ఉంటుంది కాబట్టి కాళ్ల కింద చిన్న అట్టముక్క ఒకటి వేస్తే అవి మెత్తలోకి దిగబడకుండా ఉంటాయి.

పెట్టె మీద గీత కూడా లేదు, గొడుగు పుల్ల మాత్రం విరిగింది

నన్ను ఎక్కువగా విసిగించేది ఇదే. కొరియర్ వాళ్లు పెట్టె ఫొటో చూపించి తమ తప్పు లేదంటారు. ఈ విషయంలో చాలాసార్లు వాళ్ల మాటే నిజం.

ముందు ఆనవాళ్లు చూడండి. పెట్టెను మూసే రెక్కలు, అంటే పై ఫ్లాపులు, నడుమ ఉబ్బి ఉన్నాయా? పైన పెట్టిన మెత్తను తీసి అడుగు వైపు తిప్పితే గొడుగు ఆకారంలో గుంట కనిపిస్తోందా? రెండూ ఉంటే బొమ్మ కింద పడి విరగలేదు. పెట్టె మూసిన క్షణం నుంచి గొడుగు మీద ఒత్తిడి ఉంది, మక్కు అతుకు ఎక్కడో ఒక కుదుపుకు లొంగిపోయింది. కారణం పెట్టె ఎత్తు చాలకపోవడం.

కొలిచి చేయించిన పెట్టెకు ఎత్తు ఎందుకు చాలదు? లెక్క వేద్దాం. బొమ్మకు అన్ని వైపులా 50 మి.మీ. మెత్త కలిపితే 320 × 200 × 380 వస్తుంది. ఇది లోపల ఉండాల్సిన ఖాళీ. చాలామంది ఈ మూడు అంకెలు చీటీ మీద రాసి పెట్టెలవాడికి ఇస్తారు, లోపలి కొలతో బయటి కొలతో రాయరు. అతను బయటి కొలత అనుకుంటే అట్ట మందం మీ ఖాళీలోంచే పోతుంది. 5 ప్లై అట్ట, అంటే ఐదు కాగితాలు కలిపి అతికించిన అట్ట, 6.5 మి.మీ. ఉందనుకోండి. పొడవులో రెండు గోడలు, అంటే 13 మి.మీ. తగ్గుతుంది. వెడల్పులోనూ అంతే. ఎత్తులో మాత్రం 26 మి.మీ. పోతుంది.

ఈ ఎత్తు లెక్కే అందరినీ ముంచుతుంది. మామూలు అట్టపెట్టెకు పైనా కిందా రెండేసి పొరలు ఉంటాయి: ముందు మడిచే పొట్టి వైపు ఫ్లాపులు, వాటి మీదికి వచ్చే పొడవు వైపు ఫ్లాపులు. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు అట్టల మందం. పక్కల లోటు చూసి ‘పర్వాలేదు, ఒక సెంటీమీటరే కదా’ అనుకునేవారు పైన దానికి రెట్టింపు పోయిందని గమనించరు.

ఇప్పుడు ఎత్తులో మిగిలింది 354. అందులో బొమ్మ 280 పోగా 74 మాత్రమే. అక్కడ 50, 50 మి.మీ. మెత్తలు రెండు పెట్టి ఫ్లాపులు నొక్కి టేపు వేస్తే ఒక్కో మెత్త అప్పుడే 13 మి.మీ. అణిగి కూర్చుంటుంది. అది అణగగలిగేదే 25, అందులో 13 పోతే మిగిలింది 12. పెట్టె నడుము ఎత్తు నుంచి పడితే ఇందాక చెప్పిన 60 రెట్ల లెక్కలోకి వచ్చేశారు. మీరు కొన్నది 5 సెం.మీ. ఫోమే, పనిచేస్తున్నది మాత్రం అందులో సగమే.

ఇందులో మరో రకం ఉంది. కొందరు పెట్టెలవాళ్లు మీ అంకెలను మడత గీతల మధ్య దూరంగా తీసుకుని నేరుగా గీతలు వేసేస్తారు. మడిచినప్పుడు అట్ట తన మందాన్ని లోపలికి కొంత తీసుకుంటుంది. అందుకే గీతల మధ్య దూరం లోపలి కొలత కంటే పొడవు, వెడల్పుల్లో సుమారు ఒక అట్ట మందం, ఎత్తులో రెండు మందాలు ఎక్కువ ఉండాలి. మన పెట్టెకు గీతలు దాదాపు 326.5, 206.5, 393 దగ్గర పడాలి. ఈ అదనం వేయకపోతే ఎత్తులో 13 మి.మీ. లోటు వస్తుంది. బయటి కొలత పొరపాటంత పెద్దది కాదు కాబట్టి ఫ్లాపులు ఉబ్బినట్టు కూడా కనిపించవు, అందుకే ఇది దొరకదు.

పరిష్కారం చీటీలోనే ఉంది. ‘లోపలి కొలత, పొడవు × వెడల్పు × ఎత్తు, 320 × 200 × 380 మి.మీ., 5 ప్లై’ అని పూర్తిగా రాయండి. ఎత్తు చివర రాయడం మరవకండి, వరస మారితే ఫ్లాపులు వేరే వైపు వస్తాయి. అట్ట మందాన్ని ఒక ముక్క అంచున కొలిస్తే తప్పు వస్తుంది, కోసిన చోట అట్ట నలిగి ఉంటుంది. నలగని ముక్కలు పది పేర్చి కొలిచి పదితో భాగించండి.

పెట్టెల మోపు ఇంటికి వచ్చాక అన్నింటికీ డబ్బు కట్టేముందు ఒకటి పరీక్షించండి. గట్టి అట్టను కచ్చితంగా 380 మి.మీ. పొడవున పట్టీగా కోసి, పెట్టె అడుగు అతికించి, పొట్టి గోడను ఆనించి నిలబెట్టండి. పై ఫ్లాపులు మూయండి. అవి చదునుగా కూర్చుంటే ఎత్తు సరిపోయింది. పట్టీ ఫ్లాపును పైకి నెడితే సరిపోలేదు. ఈ పట్టీని పొట్టి గోడ దగ్గరే నిలపాలి, పెట్టె మధ్యలో కాదు. 200 వెడల్పు పెట్టెకు పొట్టి ఫ్లాపులు ఒక్కొక్కటి వంద చొప్పునే వస్తాయి. 320 పొడవులో అవి కలుసుకోవు, నడుమ సుమారు 120 మి.మీ. మేర ఒక పొర తక్కువ ఉంటుంది. అక్కడ కొలిస్తే పైన ఒకటి, కింద ఒకటి, మొత్తం రెండు అట్టల ఎత్తు ఎక్కువ చూపిస్తుంది, మీరు సంతోషపడి తీసేసుకుంటారు. అడుగున ఆ పల్లంలో అంతే కొలత అట్టముక్క వేసి చదును చేయండి. లేకపోతే ఏనుగు ముందు కాళ్లు మెట్టు మీద, వెనక కాళ్లు పల్లంలో పడే అవకాశం ఉంది.

పొట్టి పెట్టెలు ఇప్పటికే వచ్చి ఉంటే మెత్తను తగ్గించి మూయకండి. వాటిని పొట్టి బొమ్మలకు వాడుకోండి.

కొంతమంది తెలిసే చిన్న పెట్టె తీసుకుంటారు, కొరియర్ చార్జీకి భయపడి. ఆ భయంలో కొంత న్యాయం ఉంది. బయటి కొలతలను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి వచ్చేదాన్ని కిలోల కింద లెక్కకట్టే సంస్థలు చాలా ఉన్నాయి. మన సరైన పెట్టె బయట 333 × 213 × 406, అంటే 5.76 కిలోలు. బయటి కొలతగా చేసిన తప్పు పెట్టె 4.86. ఆ తేడా నచ్చకపోతే మెత్తను కాదు, అట్టను తగ్గించండి. ఒంటరిగా వెళ్లే తేలిక బొమ్మకు, దేశంలోనే వెళ్లేదైతే, 3 మి.మీ. మందమున్న 3 ప్లై సరిపోతుంది. అప్పుడు బయటి కొలత 326 × 206 × 392, లెక్క 5.27కి దిగుతుంది. లోపల మెత్త మాత్రం 50 మి.మీ. అలాగే ఉంటుంది. విదేశాలకు పంపేటప్పుడు, ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు 5 ప్లై వదలకండి.

మిగతావి

పెట్టె గోడలే కూలిపోయి వస్తే అట్ట లోపలి అలల కాగితం గాడులు నిలువుగా ఉన్నాయో లేదో చూడండి. అడ్డంగా ఉంటే పెట్టె బరువు మోయదు, పెట్టెలవాడికి తిప్పి పంపండి. వానాకాలంలో నేల మీద పేర్చిన అట్టలు తేమ పీల్చి మెత్తబడతాయి, ఎత్తైన చెక్కల మీద పెట్టుకోండి. పక్క అతుకు ఊడిపోవడం అరుదు, ఒక పెట్టెకే జరిగితే పట్టించుకోనక్కరలేదు. తొండం ఒక్కటే విరిగితే పెట్టె కొలత జోలికి పోకండి. చుట్టేటప్పుడు బబుల్ ర్యాప్‌ను బిగించి లాగి ఉంటారు. తొండానికీ ముందు కాళ్లకూ నడుమ మెత్తటి కాగితం నింపి, ఆ తర్వాత వదులుగా చుట్టండి.