థీసిస్ సమర్పించే ముందు: మాటల్లో వచ్చిన ఆలోచన ఎవరిదో రాయండి

థీసిస్ సమర్పణకు గడువు దగ్గర పడగానే అందరి దృష్టీ పోలిక శాతం మీదికి వెళ్తుంది. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. సాఫ్ట్‌వేర్ నివేదికలో అంకె అంతకు లోపు కనిపిస్తే చాలు, దొంగతనం భయం తీరిందనుకుంటారు. కానీ ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడో రాతలో ఉన్న వాక్యాలనే పోల్చగలదు. సెమినార్ గదిలో తోటి విద్యార్థిని అన్న మాట, గైడు టీ తాగుతూ ఇచ్చిన సూచన, పత్రిక సమీక్షకుడు పంపిన అభ్యంతరం దానికి కనిపించవు. ఆ మాట అన్న మనిషికి మాత్రం మీ పేజీ చదవగానే తెలిసిపోతుంది. అందుకే సమర్పణకు కనీసం మూడు వారాల ముందు, మాటల్లో వచ్చిన ఆలోచన ఎవరిదో రాసే పని కూడా పెట్టుకోండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కౌలు రైతులకు బ్యాంకు రుణాలు అందడం మీద ఒక పరిశోధకుడు థీసిస్ రాస్తున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సాగుదారు హక్కు పత్రం పదకొండు నెలలకు ఇస్తారు. దానికి భూయజమాని సంతకం కావాలి. తన ప్రశ్నావళిని అతను మొదట యజమానుల కోసం తయారు చేసుకున్నాడు. సెమినార్‌లో తోటి పరిశోధకురాలు లేచి, "సంతకం పెట్టడానికే వెనకాడేవాళ్లు కౌలుకు ఇచ్చామని మీతో ఒప్పుకుంటారా? కౌలుదారుల్నే అడగండి" అంది. అతను ప్రశ్నావళి మార్చాడు. తరువాత గైడు, యజమాని ఊళ్లోనే ఉంటున్న కౌలునూ వేరే ఊళ్లో ఉంటున్న కౌలునూ విడదీసి చూడమన్నారు. మూడో అధ్యాయమంతా ఆ విభజన మీదే నిలిచింది. చివరికి ఆ అధ్యాయాన్ని వ్యాసంగా పంపితే ఒక సమీక్షకుడు, అప్పు దొరకక సాగే మానేసినవాళ్లు మీ లెక్కలో లేరు కదా అని అడిగారు. అతను మళ్లీ ఊళ్లకు వెళ్లి వారిని కూడా కలిశాడు.

ఈ మూడూ ఎక్కడా అచ్చు కాలేదు కాబట్టి గ్రంథసూచిలో చోటు లేదు. అప్పుడు సాధారణంగా జరిగేది ఏమిటంటే, ముగ్గురూ కృతజ్ఞతల పేజీలోకి వెళ్తారు: "విలువైన సూచనలు ఇచ్చిన నా గైడుకు, మిత్రులకు ధన్యవాదాలు." నా దృష్టిలో ఇది రుణం తీర్చడం కాదు. ఏ సూచన, ఎవరిది, ఏ పేజీని మార్చింది అన్నది ఆ వాక్యంలో లేదు. మూడో అధ్యాయం చదివేవారు ఆ విభజన రచయితదే అనుకుంటారు.

ఇలాంటి లోటు చాలా గొప్ప వ్యాసంలోనూ ఉంది. 1953 ఏప్రిల్ 25న నేచర్ పత్రికలో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ నిర్మాణాన్ని ప్రకటించారు. డీఎన్ఏలో జతలుగా కూడే భాగాలైన బేస్‌లను, హైడ్రోజన్ పరమాణువు ఉండే చోటును బట్టి ఈనాల్, కీటో అనే రెండు రూపాల్లో ఊహించవచ్చు. అంతకు ముందు వాట్సన్ పాఠ్యపుస్తకాలను నమ్మి, వాటిని ఈనాల్ రూపంలో అమర్చి చూస్తున్నాడు. అదే గదిలో పనిచేస్తున్న జెర్రీ డొనహ్యూ ఆ రూపం తప్పు, కీటో రూపం తీసుకోవాలని చెప్పాడు. ఆ తరువాతే జతలు కుదిరాయి. వ్యాసంలో కీటో రూపాన్ని తీసుకున్నట్టు చెప్పిన వాక్యం దగ్గర డొనహ్యూ పేరు లేదు. చివరి కృతజ్ఞతల్లో ఉంది, అదీ ముఖ్యంగా పరమాణువుల మధ్య దూరాల గురించి ఇచ్చిన సలహాకు. అంటే పేరు ఉంది, ఆలోచన ఉంది, రెండింటినీ కలిపే వాక్యం లేదు. మీ థీసిస్‌లో చూసుకోవలసింది సరిగ్గా ఈ ఖాళీనే.

దాన్ని పూరించడానికి ఆలోచన వాడిన చోటే ఒక పాదసూచిక చాలు. మన పరిశోధకుడు రెండో అధ్యాయంలో ఇలా రాయవచ్చు: "యజమానులను కాక కౌలుదారులనే అడగాలన్న సూచన 2022 ఆగస్టు శాఖా సెమినార్‌లో (పూర్తి పేరు) చేసినది." మూడో అధ్యాయంలో: "యజమాని నివాసాన్ని బట్టి కౌలును విడదీయమని సూచించినవారు నా గైడు. వర్గాల నిర్వచనం, అందులోని పొరపాట్లు నావి." ఆ చివరి మాట వదలకండి. సూచన ఇచ్చినవారు మీ ఫలితాలను ఆమోదించారన్న అర్థం రాకుండా అది కాపాడుతుంది. ఏపీఏ పద్ధతి పాటించే శాఖలో అయితే వ్యక్తిగత సంభాషణగా పేరు, తేదీ వాక్యంలోనే ఇవ్వాలి, గ్రంథసూచిలో చేర్చకూడదు. సర్వేలో మాట్లాడిన రైతులను మాత్రం ఈ పద్ధతిలో పేరుతో చెప్పకండి. వారి గోప్యతకు మీరు మాట ఇచ్చి ఉంటారు.

గైడు చెప్పిన ప్రతిదానికీ పాదసూచిక అక్కర్లేదు. పట్టిక సరిచేయడం, అధ్యాయాల వరుస మార్చడం వంటివి కృతజ్ఞతల పేజీకి సరిపోతాయి. ఆ సూచన తీసేస్తే మీ వాదన మారిపోతుందా అని అడిగి చూడండి. మారితే పాదసూచిక ఉండాలి.

పాదసూచిక రాసే ముందు సూచన ఇచ్చిన మనిషిని, ఇక్కడైతే ఆ తోటి పరిశోధకురాలిని, రెండు విషయాలు అడగాలి. మొదటిది, ఈ మాట మీరు ఎక్కడైనా చదివారా, రాశారా? ఆమె ఏదో వ్యాసంలో చదివి చెప్పి ఉంటే, మీరు ఆ వ్యాసాన్ని తెప్పించుకుని చదివి దాన్నే ఉటంకించాలి. అచ్చయిన మూలం ఉన్నప్పుడు పాదసూచికలో కృతజ్ఞత దానికి బదులు కాదు. రెండోది, మీ పేరు వేయవచ్చా? పాదసూచిక వాక్యాన్ని యథాతథంగా పంపి, సమ్మతిని రాతలో తీసుకోండి. "నేను అన్నది అది కాదు" అని ఆమె సరిచేయవచ్చు. ఆ దిద్దుబాటు వైవా గదిలో కాక ముందే రావడం మేలు.

ఇదంతా జ్ఞాపకం మీద నడవదు. రెండేళ్ల తరువాత, విన్న ఆలోచన మనకే తట్టినట్టు అనిపిస్తుంది, అందులో దురుద్దేశం ఏమీ ఉండదు. సెమినార్ ముగిసిన రోజే నోట్సు పుస్తకంలో తేదీ, పేరు, ఆ మాట రాసుకోండి. ఇప్పటిదాకా రాయకపోతే పాత మెయిళ్లు, గైడు దిద్దిన చిత్తుప్రతులు ముందేసుకుని అధ్యాయం అధ్యాయంగా వెతకండి. ఒక ఆలోచన చర్చలో పుట్టిందని గుర్తుండి, ఎవరు అన్నారో తేలకపోతే, ఊహించి ఎవరి పేరూ వేయకండి. "ఫలానా సెమినార్ చర్చలో వచ్చిన సూచన" అనండి.

సమీక్షకుడి విషయంలో జారిపోయే అవకాశం ఎక్కువ. జవాబు లేఖలో "మంచి ప్రశ్న, సరిచేశాం" అని రాస్తాం, కానీ ఆ లేఖ పాఠకుడి కంట పడదు. "సాగు మానేసినవారిని చేర్చాలన్న అంశాన్ని ఒక అజ్ఞాత సమీక్షకుడు ఎత్తి చూపారు" అని వ్యాసంలోనే ఉండాలి. ఎవరై ఉంటారో ఊహించి పేరు వేయకూడదు. మొదటి పత్రిక వ్యాసాన్ని తిరస్కరించి, మీరు రెండో పత్రికకు పంపినా ఆ ఆలోచన ఆ సమీక్షకుడిదే. "గత చిత్తుప్రతిని చూసిన సమీక్షకుడు" అంటే చాలు, తిరస్కరించిన పత్రిక పేరు చెప్పనక్కర్లేదు. అదే వ్యాసం థీసిస్‌లో అధ్యాయంగా చేరినప్పుడు ఆ పాదసూచిక కూడా వెంట రావాలి.

చివరి దశలో ఒక ఉచ్చు ఉంది. రచయిత ఎవరో సమీక్షకుడికి తెలియకూడదన్న నియమం ఉన్న పత్రికలకు పంపేటప్పుడు గైడు పేరు, సెమినార్ పేరు ఉన్న పాదసూచికలన్నీ తీసేస్తాం. అంగీకారం వచ్చిన ఆనందంలో వాటిని తిరిగి పెట్టడం మరిచిపోతాం, వ్యాసం అలాగే అచ్చవుతుంది. తీసేసిన ప్రతి పాదసూచికనూ అది ఉండవలసిన పేరాతో సహా వేరే ఫైలులో దాచండి. అచ్చుకు ముందు ప్రూఫు వచ్చిన రోజు మొదట ఆ ఫైలు తెరవండి.