స్టాటిక్ ప్రెషర్ ఎక్కువ చూపిస్తోందా? గాలికి అడ్డం ఎక్కడుందో నాలుగు రీడింగ్‌లతో పట్టుకోండి

సమస్య ఎలా కనిపిస్తుంది

కూలింగ్ నడుస్తున్నప్పుడు కాయిల్ మీద మంచు పేరుకుంటుంది, చివరి గదులకు గాలి సరిగా అందదు. హీటింగ్‌లో అయితే ఫర్నేస్ మొదలైన కొద్ది నిమిషాలకే హై లిమిట్ స్విచ్ తెగుతుంది. బర్నర్లు ఆగిపోయి బ్లోవర్ ఒక్కటే తిరుగుతుంది, కాసేపటికి మళ్ళీ అదే వరస. రిటర్న్ గ్రిల్ దగ్గర ఈల వేసినట్టు శబ్దం కూడా రావచ్చు.

ఇలాంటి చోట ముందు రిఫ్రిజెరెంట్ గేజ్‌లు తగిలిస్తే తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది. కాయిల్ మీదుగా గాలి తగ్గితే సక్షన్ ప్రెషర్ కూడా తగ్గుతుంది. అది చూసి గ్యాస్ తక్కువైందనుకుని కలిపితే, గాలి సమస్య అలాగే ఉండిపోతుంది, దానికి ఓవర్‌ఛార్జ్ తోడవుతుంది. అందుకే గేజ్‌ల కంటే ముందు, డక్టుల్లో గాలి ఒత్తిడిని, అంటే స్టాటిక్ ప్రెషర్‌ను కొలిచే మానోమీటర్ బయటికి తీయాలి.

ఎక్కడ కొలవాలి

రెండు పోర్టుల డిజిటల్ మానోమీటర్, రెండు స్టాటిక్ ప్రెషర్ ప్రోబ్‌లు, రబ్బరు ట్యూబులు, 3/8 అంగుళం డ్రిల్ బిట్, రంధ్రాలు మూయడానికి ప్లాస్టిక్ ప్లగ్గులు ఉంటే చాలు. రీడింగ్ అంగుళాల వాటర్ కాలమ్‌లో తీసుకుంటాం. ఒక అంగుళం అంటే సుమారు 249 పాస్కల్స్.

పైన విడిగా కూలింగ్ కాయిల్ పెట్టిన ఫర్నేస్‌లో మొత్తం ఎక్స్‌టర్నల్ స్టాటిక్ కొలవడానికి రెండు చోట్లు కావాలి. ఒకటి ఫిల్టర్ దాటాక, బ్లోవర్‌కు ముందు. రెండోది ఫర్నేస్ దాటాక, కాయిల్‌కు ముందు. ఆ కాయిల్ ఫర్నేస్‌తో వచ్చింది కాదు కాబట్టి ఫిల్టర్, కాయిల్, డక్టులు మూడూ ఫర్నేస్‌కు బయటి బరువే.

ఎయిర్ హ్యాండ్లర్‌లో లెక్క మారుతుంది. కాయిల్ పెట్టె లోపలే ఉంటుంది కాబట్టి పెట్టెలోకి గాలి వెళ్ళే చోట ఒక ప్రోబ్, బయటికి వచ్చే చోట ఇంకొకటి పెట్టాలి. ఫిల్టర్ బయట ఉంటే దాన్ని దాటాక కొలవండి. ఫిల్టర్ పెట్టె లోపలే ఉంటే, ఏ స్టాటిక్ దగ్గర ఎంత గాలి వస్తుందో చెప్పే కంపెనీ బ్లోవర్ టేబుల్ కింద రాసిన నోట్ చదవండి. ఆ అంకెలు ఫిల్టర్‌తో తీసినవా, ఫిల్టర్ లేకుండానా, కాయిల్ తడిగా ఉన్నప్పుడా, పొడిగానా అన్నది అక్కడే ఉంటుంది.

డ్రిల్ చేసే ముందు బ్లోవర్ ఆపేయండి. రిటర్న్ వైపు రంధ్రం వేస్తుంటే లోహపు రజను లోపలికి లాగేసుకుంటుంది. ఫర్నేస్‌కూ కాయిల్‌కూ మధ్య వేసే రంధ్రమే అన్నిటికన్నా ప్రమాదకరం. అటు డ్రెయిన్ పాన్, ఇటు హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉంటాయి. కాయిల్ ప్యానెల్ తీసి, పాన్ ఎంత ఎత్తులో ఉందో కళ్ళతో చూశాకే చోటు గుర్తు పెట్టుకోండి. బిట్ లోతుకు దిగకుండా స్టాపర్ వాడండి. ఖాళీ చోటు దొరక్కపోతే పవర్ ఆపి, హై లిమిట్ స్విచ్‌ను పట్టి ఉంచిన స్క్రూ ఒకటి తీసి ఆ రంధ్రంలోంచి ట్యూబుతో కొలవచ్చు. పని అయ్యాక స్క్రూ తిరిగి బిగించడం మరవొద్దు.

ప్రోబ్ ముక్కు రెండు వైపులా గాలి వచ్చే దిక్కుకే చూడాలి. మానోమీటర్‌ను ముందుగా జీరో చేయండి. తలుపులన్నీ బిగించి, గ్రిల్లులన్నీ తెరిచి, బ్లోవర్‌ను కూలింగ్ వేగంలో పెట్టి, కాయిల్ బాగా తడిసేదాకా నడిపి కొలవండి. పొడి కాయిల్ మీద తీసిన రీడింగ్ అసలు భారం కంటే తక్కువ చూపిస్తుంది. ఇంట్లో వాడుతున్న ఫిల్టర్ అలాగే ఉండాలి. దాన్ని తీసేసి కొలిస్తే అసలు నేరస్థుడిని వదిలేసినట్టే.

రిటర్న్ రీడింగ్ మైనస్‌లో, సప్లై రీడింగ్ ప్లస్‌లో వస్తాయి. గుర్తు పక్కన పెట్టి రెండూ కూడాలి. –0.48, +0.34 వస్తే మొత్తం 0.82. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి 0.14 అని రాసుకుంటే సిస్టమ్ భేషుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది.

0.82 వచ్చింది, ఇప్పుడేంటి?

ఇళ్ళలో వాడే చాలా ఫర్నేస్‌ల నేమ్‌ప్లేట్ మీద గరిష్ఠం 0.50 అని ఉంటుంది. 0.82 దాన్ని బాగా దాటింది. అయితే ఆ ఒక్క అంకె అడ్డం ఉందని చెబుతుందే గానీ, ఎక్కడుందో చెప్పదు. అందుకు ఇంకో రెండు రీడింగ్‌లు కావాలి: ఫిల్టర్‌కు ముందు ఒకటి, కాయిల్ దాటాక ఒకటి.

మూడు టన్నుల కూలింగ్, వేగాన్ని తానుగా పెంచుకోలేని పీఎస్‌సీ మోటారు, ఒక అంగుళం మందం 16×25 ప్లీటెడ్ ఫిల్టర్ ఉన్న ఫర్నేస్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఫిల్టర్‌కు ముందు –0.14, దాటాక –0.48, కాయిల్‌కు ముందు +0.34, దాటాక +0.12 వచ్చాయి. వరసగా చూస్తే రిటర్న్ డక్ట్ 0.14, ఫిల్టర్ 0.34, కాయిల్ 0.22, సప్లై డక్ట్ 0.12 తింటున్నాయి. నాలుగూ కూడితే 0.82 రావాలి. రాకపోతే తీసివేతలో ఎక్కడో పొరపాటు జరిగింది.

ఇక్కడ డక్టుల మీద అనుమానపడి వాటిని మార్చడానికి పూనుకుంటే డబ్బు వృథా. దాదాపు 40 శాతం ఒత్తిడిని ఫిల్టరే మింగేస్తోంది. 16×25 అంటే 2.78 చదరపు అడుగులు. మూడు టన్నులకు కావాల్సిన 1200 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 1200 ఘనపుటడుగుల గాలి, దానిలోంచి పోవాలంటే గాలి నిమిషానికి 430 అడుగుల వేగంతో దూసుకెళ్ళాలి. చిన్న రేణువులనూ పట్టే, ఎక్కువ మెర్వ్ రేటింగ్ ఉన్న సన్న ఫిల్టర్‌కు అది మోయలేని వేగం. ఫిల్టర్ కొత్తదే అయినా ఈ లెక్క పెద్దగా మారదు, కాబట్టి "నిన్ననే మార్చాం" అన్న మాట దీనికి జవాబు కాదు.

ఎంత గాలి వస్తోందో చూడండి

0.82ని ఆ ఫర్నేస్ బ్లోవర్ టేబుల్‌లో, మోటారు వేగాన్ని ఎంచుకునే స్పీడ్ ట్యాప్‌లలో ప్రస్తుతం వాడుతున్న దాని వరసలో చూడాలి. మన ఉదాహరణలో ఆ వరస ఇలా ఉందనుకోండి: 0.5 దగ్గర 1200, 0.6 దగ్గర 1140, 0.7 దగ్గర 1070, 0.8 దగ్గర 985. అంటే 0.82 దగ్గర సుమారు 965 సీఎఫ్ఎం, టన్నుకు 322. టన్నుకు 400 మామూలు లక్ష్యం, 350 కంటే తగ్గితే కాయిల్ గడ్డకట్టే వైపు జారుతుంది.

ఈ టేబుల్ శుభ్రమైన బ్లోవర్‌కే వర్తిస్తుంది. వీల్ రెక్కల్లో దుమ్ము అట్టకట్టి ఉంటే స్టాటిక్ తగ్గుతుంది, గాలీ తగ్గుతుంది. టేబుల్ మాత్రం గాలి ఎక్కువుందని అబద్ధం చెబుతుంది. అనుమానం ఉంటే అదే ట్యాప్‌ను హీటింగ్‌కు పెట్టి, ఉష్ణోగ్రత పెరుగుదల కొలిచి సరిచూసుకోండి:

```
CFM = అవుట్‌పుట్ BTU/h ÷ (1.08 × ΔT °F)
```

అవుట్‌పుట్ 64,000, పెరుగుదల 60 డిగ్రీలు అయితే దాదాపు 988 వస్తుంది. టేబుల్ చెప్పిన 965కి దగ్గరే కాబట్టి నమ్మొచ్చు. సప్లైలో థర్మామీటర్‌ను హీట్ ఎక్స్‌ఛేంజర్ సెగ నేరుగా తగలని చోట పెట్టండి. 1.08 అనేది సముద్రమట్టం దగ్గరి గాలికి సరిపోయే అంకె, ఎత్తైన ప్రాంతాల్లో ఇంకా తగ్గుతుంది.

పరిష్కారం, ఆ తర్వాత వచ్చే రీడింగ్

ఫిల్టర్ రాక్ తీసేసి, నాలుగు అంగుళాల మందం 20×25 మీడియా క్యాబినెట్ పెట్టారు. ఇదే 965 సీఎఫ్ఎం దగ్గర కొత్త ఫిల్టర్ 0.08 మాత్రమే తింటుంది. 0.34లోంచి 0.26 తగ్గింది కాబట్టి మొత్తం 0.56కి దిగాలని అనిపిస్తుంది. కానీ మానోమీటర్ 0.69 చూపిస్తుంది. ఇక్కడే చాలామంది కొత్త క్యాబినెట్ పనిచేయలేదని తేల్చేస్తారు.

అది పనిచేసింది. అడ్డం తొలగగానే బ్లోవర్ గాలి ఎక్కువ తోస్తుంది. ఒత్తిడి నష్టం గాలి పరిమాణానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి మిగిలిన మూడు చోట్లా రీడింగ్ పైకి లేస్తుంది. గాలి 965 నుంచి సుమారు 1075కి చేరింది. రిటర్న్ 0.17, ఫిల్టర్ 0.10, కాయిల్ 0.27, సప్లై 0.15 అయ్యాయి. టన్నుకు 358 సీఎఫ్ఎం అందుతోంది, కాయిల్ ఇక గడ్డకట్టదు. మార్పు ముందు, తర్వాత స్టాటిక్‌తో పాటు సీఎఫ్ఎం కూడా రాసుకుంటేనే ఇది తెలుస్తుంది.

0.69 ఇంకా నేమ్‌ప్లేట్ కంటే ఎక్కువే. తర్వాత చూడాల్సింది కాయిల్. దాని కంపెనీ షీట్‌లో 1075 సీఎఫ్ఎం దగ్గర తడి కాయిల్‌కు ఎంత ఉందో చూడండి. అక్కడ కూడా 0.27కి దగ్గరగా ఉంటే కాయిల్ శుభ్రంగానే ఉంది, దాన్ని కడిగి లాభం లేదు, ఇక రిటర్న్‌కు ఇంకో గ్రిల్, డక్ట్ కలపడమే మార్గం. షీట్ కంటే బాగా ఎక్కువ ఉంటే దుమ్ము పట్టింది. పైకి వీచే ఫర్నేస్‌లో ఏ-కాయిల్ మీద దుమ్ము పట్టేది లోపలి ముఖం, అంటే ఏ అక్షరం పొట్టలో. బయటి నుంచి చూసి బాగుందనుకోవద్దు, కింద నుంచి అద్దం పెట్టి చూడండి.

ఇదే డక్టులపై ఈసీఎం మోటారు ఉంటే

గాలిని స్థిరంగా ఉంచే ఈసీఎం మోటారు 0.82 దగ్గర తగ్గి ఊరుకోదు. 1200 సీఎఫ్ఎం ఇవ్వాలని వేగం పెంచుకుంటూ పోతుంది. పాత ఫిల్టర్‌తో అవే డక్టులు 1200కి అడిగేది దాదాపు 1.27 అంగుళాలు. మోటారు తన పరిమితికి చేరి అక్కడ ఆగుతుంది. ఈలోపు వాట్లు పెరుగుతాయి, హోరు పెరుగుతుంది. గదుల్లో గాలి బాగానే వస్తోందంటే ఈ మోటారు విషయంలో స్టాటిక్ బాగుందని అర్థం కాదు. పీఎస్‌సీలో మాత్రం అడ్డం పెరిగితే గాలితో పాటు ఆంప్స్ కూడా తగ్గుతాయి, కాబట్టి ఆంప్ రీడింగ్ చూసి మోటారు తేలిగ్గా తిరుగుతోందని సంతోషపడొద్దు.

స్టాటిక్ తక్కువ, గాలీ తక్కువ

ఎయిర్ హ్యాండ్లర్‌లో కాయిల్ మూసుకుపోతే ఎక్స్‌టర్నల్ స్టాటిక్ పెరగదు, తగ్గుతుంది. అడ్డం పెట్టె లోపల ఉంది, బయటి డక్టుల్లోకి తక్కువ గాలి వెళుతోంది కాబట్టి అక్కడ ఒత్తిడీ తక్కువే. 0.25 చూపిస్తూ కాయిల్ గడ్డకడుతుంటే, కాయిల్‌కు ముందు ఒక ప్రోబ్, కాయిల్‌కూ బ్లోవర్‌కూ మధ్య ఇంకో ప్రోబ్ పెట్టి తేడా చూడండి. అక్కడ తేడా షీట్ ప్రకారమే ఉంటే, బ్లోవర్ వీల్ రెక్కలను వేలితో గీకి చూడండి. అవీ శుభ్రంగా ఉంటే స్పీడ్ ట్యాప్ తక్కువలో ఉందేమో చూడటమే మిగిలింది.