ఇంటర్వ్యూ వాయిదా అడిగే ముందు చూసుకోవాల్సినవి

కావలి కుర్రాడికి రేపు 10 గంటలకు శ్రీసిటీలో ఇంటర్వ్యూ. రాత్రి వాళ్ళ నాన్నగారిని నెల్లూరు ఆసుపత్రిలో చేర్చారు. ఇలాంటప్పుడు మెయిల్ పంపే ముందు ఇవి చూసుకోండి.

• టైము ఒక్క రోజు కూడా లేకపోతే ముందు హెచ్‌ఆర్‌కి ఫోన్ చేయండి, ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి. మెయిల్ ఆ తర్వాత, రికార్డు కోసం.

• కొత్త మెయిల్ వద్దు. వాళ్ళు పిలిచిన మెయిల్‌కే రిప్లై ఇవ్వండి, మీరెవరో వెతుక్కోనక్కర్లేదు.

• కారణం ఒక్క వాక్యం. స్కాన్ రిపోర్టులు అడిగితేనే పంపండి. లేని జబ్బు మాత్రం రాయొద్దు, తర్వాత సర్టిఫికెట్ అడిగితే ఇరుక్కుంటారు.

• "మీకు వీలైనప్పుడు" అంటే బంతి మళ్ళీ వాళ్ళ కోర్టులోకే వెళ్తుంది. రెండు తేదీలు మీరే చెప్పండి. ఆసుపత్రి నుంచి ఎప్పుడు పంపుతారో డాక్టర్‌ని అడిగాకే ఆ తేదీలు రాయండి, రెండోసారి వాయిదా అడగడం కష్టం.

మెయిల్ ఇంతే:

"నమస్కారం మేడమ్. రేపు 10 గంటలకు అకౌంట్స్ అసిస్టెంట్ ఇంటర్వ్యూకి రావాల్సి ఉంది. మా నాన్నగారిని రాత్రి ఆసుపత్రిలో చేర్చడంతో రాలేకపోతున్నాను, క్షమించండి. ఈ నెల 18 లేదా 19న ఏ సమయానికైనా రాగలను. వీడియో కాల్ అయితే 17 సాయంత్రం కూడా కుదురుతుంది."

కింద పేరు, ఫోన్ నంబరు. ప్రభుత్వ ఉద్యోగమైతే తేదీ మార్చే వీలుందో లేదో కాల్ లెటర్‌లోనే చూసుకోండి.