మీటింగుల్లో మీ పనిని సహోద్యోగి తనదిగా చెప్పుకుంటుంటే ఏం చేయాలి?

బెంగళూరు ఐటీ ఆఫీసుల్లో మన క్రెడిట్ కొట్టేసేది చాలాసార్లు మనతో కలిసి భోంచేసే, పండక్కి ఊరెళ్లే బస్సులో పక్క సీట్లో కూర్చునే తెలుగువాడే కావచ్చు. అందుకే ఈ చిక్కును బంధం తెగకుండా విప్పుకోవాలి. వైట్‌ఫీల్డ్‌లోని ఒక టీమును ఉదాహరణగా తీసుకుందాం.

ఆ టీములో రోజూ రాత్రి నడిచే ఒక రిపోర్టు పూర్తవడానికి 4 గంటలు పట్టేది. ఒక్కొక్క ఆర్డరు కోసం డేటాబేస్‌ను విడివిడిగా అడుగుతున్న కోడ్‌ను ఒక ఉద్యోగిని కనిపెట్టి, 500 ఆర్డర్లకు కలిపి ఒకేసారి అడిగేలా మార్చి, ఆ సమయాన్ని 35 నిమిషాలకు తగ్గించింది. మంగళవారం క్లయింట్ కాల్‌లో మాట్లాడేది సీనియర్ కాబట్టి ముందురోజు రాత్రి వివరాలన్నీ అతనికి చాట్‌లో పంపింది. మర్నాడు అతను, "ఆ రిపోర్టు సమస్య నేను చూసి సరిచేశాను" అన్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

మొదటి అడుగు: ఇది అలవాటా, పొరపాటా తేల్చుకోండి. టీము తరఫున మాట్లాడేవారు "మేము చేశాం" అనడం మామూలే, దానికి నొచ్చుకోనవసరం లేదు. "నేను చేశాను" అన్న మాట రెండు మూడు మీటింగుల్లో వినిపిస్తే, ఏ తేదీన, ఎవరి ముందు, ఏ పని గురించి అన్నారో ఒక్కొక్క వాక్యంలో మీకోసం రాసి పెట్టుకోండి.

రెండవ అడుగు: సమాచారం వెళ్లే దారి మార్చండి. పై ఉదాహరణలో అసలు పొరపాటు మీటింగులో కాదు, ముందురోజు రాత్రి చాట్‌లో జరిగింది. పని ఫలితం ఒక్కరికే అందినప్పుడు దాన్ని ఎవరు చేశారో మిగతావారికి తెలిసే అవకాశం లేదు. అందువల్ల పని ముగిసిన రోజే, మీటింగుకు ముందే, టీము అందరూ చూసే గ్రూపులో మూడు నాలుగు వాక్యాలు పెట్టండి: "రాత్రి రిపోర్టు 4 గంటల నుంచి 35 నిమిషాలకు తగ్గింది. ఆర్డర్లను 500 చొప్పున కలిపి తీసుకునేలా మార్చాను. నెలాఖరు డేటాతో ఇంకా పరీక్షించాలి, గురువారానికి పూర్తిచేస్తాను." ఇందులో గొప్పలు లేవు, ఎవరి మీదా ఫిర్యాదు లేదు. పైగా మిగిలిన పనిని కూడా చెప్పడం వల్ల అది ప్రచారంలా కాక పని కబురులా ఉంటుంది. దీన్ని అతనితో పేచీ వచ్చిన వారం మాత్రమే కాకుండా ప్రతి పనికీ చేయాలి, లేకపోతే ఎత్తుగడ అని ఇట్టే తెలిసిపోతుంది.

మూడవ అడుగు: మీటింగులో వివరంతో ప్రవేశించండి. "అది నేను చేసిన పని" అని అడ్డుపడితే గదిలో అందరూ ఇబ్బందిపడతారు, చిన్నబుద్ధి అనే పేరు మీకే వస్తుంది. దానికి బదులు, అతను చెప్పడం ముగించగానే, విషయం మారకముందే, చేసినవారికి మాత్రమే తెలిసే ఒక వివరం చేర్చండి: "దీనికి ఒక మాట కలుపుతాను. నేను ఆ కోడ్ మార్చేటప్పుడు 1,000 చొప్పున కూడా ప్రయత్నించాను, కానీ మెమరీ చాలలేదు, అందుకే 500 దగ్గర ఆపాను." ఇందులో "నేను" ఉంది, కానీ అతన్ని కాదనడం లేదు. క్లయింట్ తరువాతి ప్రశ్న మిమ్మల్నే అడిగితే ఈ అడుగు ఫలించినట్టే. ఆన్‌లైన్ కాల్‌లో చెయ్యెత్తిన గుర్తు పెట్టి కూర్చుంటే ఆలస్యమవుతుంది, మైకు తెరిచి మాట్లాడటమే మేలు.

నాలుగవ అడుగు: అప్పటికీ ఆగకపోతే విడిగా మాట్లాడండి. మీటింగు ముగిసిన వేడిలో కాదు, చాట్‌లో అసలే కాదు. మర్నాడు కాఫీకి వెళ్లినప్పుడు, తెలుగులోనే. "అన్నా, నిన్న కాల్‌లో రిపోర్టు పని మీరే చేసినట్టు చెప్పారు. నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. వచ్చే వారం ఆ భాగం నేనే చెబుతాను, సరేనా?" ఒకే సంఘటన, ఒకే కోరిక. "మీరెప్పుడూ ఇంతే" అన్నారంటే చర్చ అతని స్వభావం మీదికి మళ్లుతుంది. "టీము పనే కదమ్మా" అని అతను తేల్చేస్తే, "అవునన్నా, అందుకే టీములో ఎవరి భాగం వాళ్లం చెబుదాం" అనవచ్చు. నిజంగా గమనించక అలా మాట్లాడినవారు చాలావరకు ఇక్కడే సర్దుకుంటారు.

చివరిగా మేనేజరు. అక్కడ కూడా పేరు పెట్టి ఫిర్యాదు చేయకుండా, విడి సమావేశంలో "నేను చేసిన పనులను క్లయింట్‌కు నేనే వివరించే అవకాశం ఇవ్వండి" అని అడగండి. ఈ మాట అప్రైజల్ రేటింగులు ఖరారయ్యే నెలలో కాకుండా రెండు మూడు నెలల ముందే చెబితే, మీరు మాట్లాడటాన్ని ఆయన స్వయంగా చూసే వ్యవధి ఉంటుంది.

క్రెడిట్ తీసుకుంటున్నది మేనేజరే అయితే ఈ అడుగుల్లో రెండవది తప్ప మిగతావి అంతగా పనిచేయవు. అప్పుడు గ్రూపులో పెట్టిన ఆ కబుర్లనే తేదీలతో సహా అప్రైజల్ ఫారంలో మీరు నింపే భాగంలోకి చేర్చాలి, ఎందుకంటే సాధారణంగా ఆ ఫారాన్ని ఆయన పైఅధికారి కూడా చూస్తారు.