మేనేజ్‌మెంట్ బిట్ పేపర్‌లో “ఎప్పుడూ”, “ఎన్నడూ” కనిపిస్తే ఏం చేయాలి?

మేనేజ్‌మెంట్ బిట్లలో సరైన జవాబు గుర్తు చేసుకోవడం కంటే తప్పు ఆప్షన్లను కొట్టేయడం చాలాసార్లు తేలిక. ఇక్కడ ఆప్షన్లు ఎక్కువగా వాక్యాల రూపంలో ఉంటాయి. పేపర్ తయారుచేసేవాళ్లు ఒక సరైన వాక్యం రాశాక, దాని పక్కన మూడు తప్పు వాక్యాలు పెట్టాలి. అవి చూడటానికి నిజంలా ఉండాలి, కానీ ఎవరు వాదించినా తప్పే అయి ఉండాలి. అందుకు సులువైన దారి ఒకటుంది: సగం నిజమైన వాక్యానికి “ఎప్పుడూ”, “మాత్రమే”, “అన్ని సంస్థల్లోనూ” లాంటి మాట తగిలిస్తే చాలు, అది పూర్తిగా తప్పవుతుంది.

దీన్ని పట్టుకుని కోచింగుల్లో “ఆల్వేజ్, నెవర్ ఉంటే కళ్లు మూసుకుని కొట్టేయండి” అని చెబుతుంటారు. ఆ సలహా సగమే పనికొస్తుంది. ఈ సబ్జెక్టులో “ఎన్నటికీ” అన్న మాటతోనే సరైన జవాబయ్యే వాక్యాలు కొన్ని ఉన్నాయి, పేపర్ చేసేవాళ్లకు అవి బాగా తెలుసు.

ముందు ప్రశ్న చివరి మాట

ఆప్షన్లు చదవకముందే ప్రశ్న ఏం అడుగుతోందో చూడండి: సరైనది అడిగిందా, సరికానిది అడిగిందా? “ఈ కింది వాటిలో సరికానిది ఏది?” అని ఉంటే మొత్తం తిరగబడుతుంది. అప్పుడు “ఎప్పుడూ” ఉన్న ఆప్షన్ మీరు కొట్టేయాల్సింది కాదు, బహుశా మీరు వెతుకుతున్న జవాబే. టెన్షన్‌లో బాగా చదివినవాళ్లు కూడా మార్కు పోగొట్టుకునేది ఇక్కడే. మొదటి ఆప్షన్ నిజమని తెలియగానే దాన్నే గుర్తుపెట్టి ముందుకెళ్లిపోతారు. “కాని”, “తప్ప”, “మినహా” కనిపిస్తే వాటి కింద గీత గీయండి. కంప్యూటర్ మీద రాసే పరీక్షయితే రఫ్ కాగితం మీద ప్రశ్న నంబరు పక్కన “కా” అని రాసుకున్నా చాలు.

కొట్టేసేటప్పుడు ఒక కారణం

ఎలిమినేషన్ అంటే నచ్చని ఆప్షన్‌ను తీసేయడం కాదు. కొట్టేసే ప్రతి ఆప్షన్‌కూ మనసులో ఒక చిన్న కారణం ఉండాలి. కారణం దొరికితే అడ్డగీత, అనుమానమే అయితే ప్రశ్నార్థకం, నిజమనిపిస్తే చిన్న చుక్క పెట్టండి. అనుమానానికి అడ్డగీత పెట్టారంటే, రెండోసారి వచ్చినప్పుడు ఆ ఆప్షన్ మీ కంటికే ఆనదు.

స్పాన్ ఆఫ్ కంట్రోల్ మీద ఒక ప్రశ్న చూద్దాం. ఒక మేనేజర్ కింద నేరుగా ఎంతమంది పనిచేయాలన్నదే దాని విషయం. ఎ: ఇది ఎప్పుడూ ఆరుగురికి మించకూడదు. బి: పని స్వభావాన్ని, మేనేజర్ సామర్థ్యాన్ని బట్టి ఇది మారవచ్చు. సి: ఇది వెడల్పయ్యే కొద్దీ సంస్థలో అంచెలు పెరుగుతాయి. డి: సంస్థలో అన్ని స్థాయిల్లోనూ ఇది ఒకేలా ఉండాలి.

ఎ, డి వెంటనే పోతాయి. ఒకే రకం పని చేసే ఇరవై మందిని ఒక్క సూపర్‌వైజర్ చూసుకోవడం మామూలే. పైస్థాయిలో పని క్లిష్టంగా ఉంటుంది కాబట్టి అక్కడ సాధారణంగా తక్కువ మంది ఉంటారు. ఒక్కో ఉదాహరణతో రెండూ పడిపోయాయి. ఇక సి చూడండి. అందులో “ఎప్పుడూ” లేదు, “మాత్రమే” లేదు. అయినా తప్పే. ఒక్కొక్కరి కింద ఎక్కువ మంది ఉంటే మేనేజర్ల అంచెలు తగ్గుతాయి, పెరగవు. మిగిలింది బి. మాటల వేట మనల్ని నాలుగు నుంచి రెండుకు తెస్తుంది. ఆ తర్వాత దారి చూపేది చదువే.

తిరుగులేని మాటను పరీక్షించడం

ఎప్పుడూ, ఎన్నడూ, తప్పనిసరిగా, మాత్రమే, ప్రతి, అన్ని, ఏ ఒక్కటీ, పూర్తిగా: ఇవి పైకి కనిపించేవి. కొన్ని దాక్కుంటాయి. “ఉద్యోగి పనితీరును నిర్ణయించేది జీతమే” అన్నప్పుడు ఆ చివరి దీర్ఘమే “మాత్రమే” పని చేస్తోంది. “హామీ ఇస్తుంది”, “లేకుండా చేస్తుంది” లాంటి క్రియలూ అంతే. “ప్లానింగ్ అనిశ్చితిని లేకుండా చేస్తుంది” అన్నది తప్పు. ప్లానింగ్ అనిశ్చితిని తగ్గిస్తుంది, అంతే.

మాట దొరికాక అడగాల్సింది ఒక్కటే: దీన్ని పడగొట్టే ఒక్క సందర్భమైనా ఉందా? ఐదారు సెకన్లలో ఒకటి తడితే అడ్డగీత. తట్టకపోతే ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. “తిరుగులేని మాట ఉంది కదా, తప్పే అయ్యుంటుంది” అన్నది కారణం కాదు.

ఎక్కడ సులువుగా పడిపోతాయో కూడా చెప్పొచ్చు. ఏం చేస్తే మంచిదో చెప్పే వాక్యాల్లో. ఏ నాయకత్వ శైలి మేలు, కేంద్రీకరణ మంచిదా వికేంద్రీకరణ మంచిదా, సంస్థ నిర్మాణం ఎలా ఉండాలి లాంటివి. కంటింజెన్సీ ఆలోచన వచ్చాక ఈ సబ్జెక్టు ఇచ్చే మామూలు జవాబు “పరిస్థితిని బట్టి” అనే. “ప్రజాస్వామ్య నాయకత్వమే అన్ని పరిస్థితుల్లోనూ మేలు” అని ఉంటే, అగ్నిప్రమాదం జరుగుతున్నప్పుడు ఓటింగు పెట్టలేం కదా అనుకుంటే చాలు.

నిలబడే వాక్యాలు మూడు రకాలు. మొదటివి నిర్వచనం నుంచి పుట్టినవి. ప్లానింగ్ ఎప్పుడూ భవిష్యత్తు వైపు చూస్తుంది. గతం కోసం ఎవరూ ప్లాన్ వేయరు కాబట్టి ఇక్కడ “ఎప్పుడూ” నిజమే. రెండోవి ఎవరో ఒకరి సిద్ధాంతాన్ని చెప్పేవి. ఫేయోల్ ఆదేశ ఏకత్వ సూత్రం ప్రకారం ఉద్యోగి ఒక్క పై అధికారి నుంచి మాత్రమే ఆదేశాలు తీసుకోవాలి. బయట మ్యాట్రిక్స్ సంస్థల్లో ఇద్దరు బాసులు ఉంటారన్నది నిజం, కానీ ప్రశ్న అడిగింది ఫేయోల్ ఏమన్నాడని. అలాగే ప్రతి పనికీ ఒక అత్యుత్తమ పద్ధతి ఉంటుందన్నది టేలర్ మాట. “టేలర్ ప్రకారం” అని ఉంటే ఆప్షన్ సరైనది, లేకపోతే దాన్ని పడగొట్టొచ్చు. అందుకే ప్రశ్నలో పేరు ఉందా లేదా అన్నది తప్పక చూడాలి. మూడోవి చాలా తక్కువ చెప్పేవి. “ప్రతి మేనేజరూ ఎంతో కొంత ప్లానింగ్ చేస్తాడు” అన్నప్పుడు “ప్రతి” బరువును “ఎంతో కొంత” తగ్గించేసింది.

ఒక పూర్తి ప్రశ్న

అధికారాన్ని కింది ఉద్యోగులకు అప్పగించడం, అంటే డెలిగేషన్ గురించి సరైన వాక్యం ఏది?

ఎ: పని అప్పగించాక ఫలితానికి మేనేజర్ ఎంతమాత్రం బాధ్యుడు కాడు.
బి: ఒకసారి అప్పగించిన అధికారాన్ని సాధారణంగా వెనక్కి తీసుకోలేం.
సి: అధికారాన్ని అప్పగించవచ్చు, జవాబుదారీతనాన్ని మాత్రం ఎన్నటికీ అప్పగించలేం.
డి: డెలిగేషన్ పెద్ద సంస్థలకు మాత్రమే అవసరం.

“తిరుగులేని మాట ఉంటే తప్పు” అనే సూత్రం నమ్మినవాళ్లు ఎ, సి, డి మూడూ కొట్టేసి, మెత్తగా “సాధారణంగా” అన్న బి దగ్గర ఆగిపోతారు. ప్రశ్న పెట్టిందే అందుకు.

కారణాలతో నడిస్తే దారి వేరు. ముందు డి: ఐదుగురు పనిచేసే చోట కూడా యజమాని ఒక్కడే అన్నీ చేయలేడు, ఎవరికో ఒకరికి కొంత పని, దానికి తగ్గ అధికారం ఇస్తాడు. పోయింది. తర్వాత ఎ, సి పక్కపక్కన పెట్టండి. రెండూ ఒకే విషయం మీద ఎదురెదురుగా మాట్లాడుతున్నాయి. పని చెడితే పై వాళ్లు అడిగేది అప్పగించిన మేనేజర్‌నే కాబట్టి ఎ తప్పు, సి నిలబడింది. ఇలా రెండు ఆప్షన్లు ఒకదాన్నొకటి కాదంటున్నాయంటే జవాబు తరచూ వాటిలోనే ఉంటుంది, అయితే ఇది సూచన మాత్రమే. చివరగా బి: అధికారం ఇచ్చినవాళ్లు దాన్ని తగ్గించవచ్చు, వెనక్కి తీసుకోవచ్చు. “సాధారణంగా” అన్న మాట ఒక తప్పుడు వాక్యాన్ని మర్యాదగా కనిపించేలా చేసింది, అంతే. జవాబు సి. డెలిగేషన్ పాఠం చదివినవాళ్లకు ఇదంతా అర నిమిషం పని.

రెండే మిగిలితే, టైమ్ తక్కువుంటే

మిగిలిన రెండు ఆప్షన్లలో ఎక్కడ తేడా ఉందో ఆ మాట మీద మాత్రమే చూపు పెట్టండి, మొత్తం మళ్లీ చదవొద్దు. రెండూ నిజమే అనిపిస్తే ప్రశ్నకు తిరిగి వెళ్లండి. ఒకటి నిజమే అయినా అడిగినదానికి జవాబు కాకపోవచ్చు. ఆర్గనైజింగ్ గురించి అడిగితే ప్లానింగ్ గురించి నిజం చెప్పే ఆప్షన్ పెట్టడం మామూలే. “పైవన్నీ” ఉంటే ఒక్కటి తప్పని తేలినా అది పోతుంది. రెండు కచ్చితంగా సరైనవైతే, జవాబు ఒక్కటే ఉండే పేపర్‌లో మూడోదాని గురించి ఆలోచించక్కర్లేదు.

టైమ్ లెక్క: 90 నిమిషాలకు 100 ప్రశ్నలంటే ఒక్కోదానికి 54 సెకన్లు. కానీ అన్నిటికీ సమానంగా పంచకండి. మొదటి విడతలో చూడగానే తెలిసినవి పెట్టేయండి, మిగతావాటికి అడ్డగీతలు, ప్రశ్నార్థకాలు పెట్టి వదిలేయండి. అలా 60 ప్రశ్నలకు అర నిమిషం చొప్పున పడితే 30 నిమిషాలు గడుస్తాయి. చివర 5 నిమిషాలు ఓఎంఆర్ సరిచూసుకోవడానికి ఉంచుకున్నా, మిగిలిన 40 ప్రశ్నలకు 55 నిమిషాలు ఉంటాయి. మొదటి విడతలో వాటిని చదవడానికి పట్టిన సమయం కూడా అందులోనే పోతుంది, అయినా ఒక్కోదానికి నిమిషానికి పైనే దొరుకుతుంది.

ఇక వదిలేయాలా, గుర్తుపెట్టాలా? నెగటివ్ మార్కింగ్ లేకపోతే ఒక్కటి కూడా ఖాళీగా వదలొద్దు. సరైనదానికి ఒక మార్కు, తప్పుకు మూడో వంతు కోత ఉండి, నాలుగు ఆప్షన్లుంటే లెక్క ఇలా: గుడ్డిగా పెట్టిన 12 ప్రశ్నల్లో సగటున 3 సరిపోతాయి, 9 తప్పుతాయి, 3 మార్కులొచ్చి 3 పోతాయి. లాభం సున్నా. ఒక్క ఆప్షన్ సరిగ్గా కొట్టేయగలిగితే 4 సరైనవి, 8 తప్పులు, ఒక మార్కుకు కాస్త ఎక్కువే మిగులుతుంది. రెండు కొట్టేస్తే 6 సరైనవి, 6 తప్పులు, 4 మార్కులు మిగులుతాయి. అంటే కారణంతో ఒక్క అడ్డగీతైనా పెట్టగలిగిన ప్రశ్నకు జవాబు పెట్టడమే లాభం. “సరిగ్గా” అన్నది ఇక్కడ కీలకం. సరైన జవాబునే కొట్టేశారంటే ఈ లెక్క మొత్తం తలకిందులవుతుంది.

అందుకే మాక్ టెస్ట్ రాశాక మార్కులతో పాటు ఇంకొకటి చూడండి: మీరు అడ్డగీత పెట్టిన ఆప్షన్లలో సరైన జవాబులు ఎన్ని? వాటి పక్కన ఎందుకు కొట్టేశారో రాసుకోండి. “తిరుగులేని మాట ఉంది” అన్న కారణమే పదేపదే వస్తుంటే మీరు పరీక్షించకుండా కొట్టేస్తున్నారు. “టేలర్ అన్నాడని తెలియలేదు” లాంటివి వస్తుంటే అది టెక్నిక్ సమస్య కాదు, ఆ చాప్టర్ మళ్లీ చదవాలి.