వెబ్ పటంలో దూరం కొలవడం – మూడవ పాఠం: స్కేలు పట్టీ ఏ అక్షాంశానిది?

టైల్ అంటే 256 పిక్సెళ్ళ చదరపు బొమ్మ అనీ, జూమ్ 0లో ప్రపంచమంతా ఒకే టైల్‌లో ఇమిడిపోతుందనీ, జూమ్ ఒక మెట్టు పెరిగిన ప్రతిసారీ ఒక్కో టైల్ నాలుగుగా విడిపోతుందనీ గత పాఠంలో చూశాం. భూమధ్యరేఖ చుట్టుకొలత సుమారు 40,075 కిలోమీటర్లు కనుక, దానిని 256తో భాగిస్తే జూమ్ 0లో ఒక పిక్సెల్‌కు 156,543 మీటర్లు వస్తాయి. ఆపై ప్రతి మెట్టుకూ అది సగమవుతుంది. అయితే ఈ లెక్క భూమధ్యరేఖ మీద మాత్రమే నిజం. వెబ్ పటాలు వాడే మెర్కేటర్ పద్ధతిలో ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ నేల సాగదీసినట్లు కనిపిస్తుంది కాబట్టి, అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి.

```
m/px = 156543 * cos(lat) / 2^z
```

విజయవాడలోని ప్రకాశం బ్యారేజీని తీసుకుందాం. దాని పొడవు 1,223.5 మీటర్లని ముందే తెలుసు కనుక మన కొలతను సరిచూసుకోవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో బ్యారేజీని తెర మధ్యకు తెచ్చి, చిరునామాలో `#map=15/` అని కనిపించేలా జూమ్ పెట్టండి. అక్షాంశం 16.5 డిగ్రీలు, కొసైన్ 0.959; కనుక పిక్సెల్‌కు 4.58 మీటర్లు. బ్యారేజీ ఈ చివరి నుండి ఆ చివరికి సుమారు 267 పిక్సెళ్ళు, అంటే ఒక టైల్ కంటే కాస్త ఎక్కువ. కొసైన్‌ను మరచిపోతే 1,276 మీటర్లు వస్తుంది. 50 మీటర్లకు పైగా తప్పు.

పిక్సెళ్ళు లెక్కించే ఓపిక లేనివారు ఒక కాగితపు అంచును తెర మూలనున్న స్కేలు పట్టీకి ఆనించి, 300 మీటర్ల గుర్తు పెట్టుకుని, దానిని బ్యారేజీ వెంట జరుపుతూ పోవచ్చు. నాలుగుసార్లు నిండి కొద్దిగా మిగులుతుంది. పట్టీ అడ్డంగా ఉంది, బ్యారేజీ దాదాపు నిలువుగా ఉంది కదా అన్న సందేహం రావడం సహజమే. మెర్కేటర్ ఏ చోటనైనా అన్ని దిక్కులకూ సమంగానే సాగదీస్తుంది కాబట్టి కాగితాన్ని ఎటు తిప్పినా ఇబ్బంది లేదు.

ఇబ్బంది దేశమంతా కనిపించే జూమ్ 5 దగ్గర వస్తుంది. పట్టీ తెర మధ్యనున్న అక్షాంశానికే లెక్క కట్టబడుతుంది. ఆ తెర మీద ఒకే పొడవున్న గీత కన్యాకుమారి దగ్గర సూచించే దూరం శ్రీనగర్ దగ్గర సూచించే దూరం కంటే సుమారు 20 శాతం ఎక్కువ. పటాన్ని నిదానంగా ఉత్తరానికి జరుపుతూ పట్టీనే గమనించండి: జూమ్ మారకపోయినా దాని పొడవు గానీ అంకె గానీ మారుతుంది. అందుచేత కొలవదలచిన చోటును తెర మధ్యకు తెచ్చి, వీలైనంత దగ్గరగా జూమ్ చేసిన తరువాతే పట్టీని నమ్మాలి.

మరొక జాగ్రత్త కూడా అవసరం. ఫోనులో తీసిన స్క్రీన్‌షాట్‌లో పిక్సెళ్ళు రెండు మూడు రెట్లుంటాయి. పై సూత్రం అక్కడ నేరుగా పనిచేయదు. కొన్ని పటాలు 512 పిక్సెళ్ళ టైల్‌ను ఆధారంగా తీసుకుంటాయి గనుక వాటి జూమ్ 14 మన జూమ్ 15తో సమానం. స్క్రీన్‌షాట్‌లో పట్టీ కూడా పడేలా చూసుకుంటే, రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి, కాగితపు పద్ధతి అక్కడా సరిపోతుంది.

వచ్చే పాఠంలో వంపులున్న దారిని ముక్కలుగా విడగొట్టి కొలుద్దాం. ఈలోగా మీ ఊరి అక్షాంశానికి జూమ్ 16లో ఒక పిక్సెల్ ఎన్ని మీటర్లో లెక్క కట్టి ఉంచండి.