మన ఇంటి ధరల సూచీ మనమే కట్టుకోవడం ఎలా?

అమలాపురం దగ్గర మా అత్తయ్య ఇంట్లో ఓ రోజు టీవీలో ద్రవ్యోల్బణం ఇంత శాతం అని చెబుతుంటే ఆవిడకి ఒళ్లు మండింది. "పదిహేను రూపాయల కొబ్బరికాయ ముప్పై అయ్యింది. వీళ్లు ఐదు, ఆరు అంటారేంట్రా?" అంది. ఆవిడ చెప్పిన ధర నిజమే. టీవీ చెప్పిన శాతం కూడా తప్పు కాకపోవచ్చు. ఈ రెండూ ఎలా కుదురుతాయో తెలియాలంటే ఒక నోటు పుస్తకం తీసుకుని మన ఇంటికే ఒక వినియోగదారుల ధరల సూచీ కట్టుకోవాలి. నెలకి అరగంట పని.

మొదట బుట్ట

ఒక మామూలు నెలలో ఇంట్లోకి ఏమేం, ఎంతెంత కొంటారో రాయండి. డబ్బు కాదు, పరిమాణం ముఖ్యం. పెళ్లి ఉన్న నెల, సంక్రాంతి నెల వద్దు. పులస కూడా వద్దు. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో తప్ప దొరకని చేప ధరని మిగతా నెలల్లో ఏమని రాస్తాం? చెరువు శీలావతి అయితే ఏడాది పొడవునా ఉంటుంది. సముద్రపు చేపకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం అడ్డొస్తుంది.

పేరు రాసి వదిలేయకండి. "చేపలు" అని రాస్తే ఒక నెల అరకిలో పిల్లల ధర, ఇంకో నెల రెండు కిలోల చేప ధర రాసేస్తాం. "శీలావతి, కిలో పైబడింది, ఫలానా కొట్టు" అని రాయాలి. కొబ్బరికాయ అయితే పెద్దదా చిన్నదా, పీచు తీసిందా లేదా అన్నది కూడా ఉండాలి.

పెరట్లో చెట్లున్నవాళ్లకి ఓ మాట. కొనే కాయలే బుట్టలోకి వస్తాయి. అంబాజీపేట మార్కెట్లో కాయ ధర పెరిగితే అమ్ముకునే రైతుకి అది ఆదాయం, కొనుక్కునే మనకి ఖర్చు. ఈ పుస్తకం కొనేవాళ్లది.

తర్వాత ధరలు

ప్రతి నెలా అదే వారం, అదే కొట్లో, బేరమాడాక నిజంగా ఇచ్చిన ధర రాయండి. అత్తయ్య బుట్టని ఏడు సరుకులకి కుదించి ఇక్కడ పెడుతున్నాను. ధరలు లెక్క అర్థమవడానికి వేసుకున్నవి. అప్పటికీ ఇప్పటికీ ఏడాది తేడా.

| సరుకు | పరిమాణం | అప్పటి ఖర్చు (రూ.) | ఇప్పటి ఖర్చు (రూ.) |
|---|---|---|---|
| బియ్యం | 26 కిలోల బస్తా | 1400 | 1470 |
| పాలు | 30 లీటర్లు | 1800 | 1920 |
| గ్యాస్ | 1 సిలిండర్ | 900 | 900 |
| శీలావతి | 4 కిలోలు | 780 | 840 |
| నూనె | 4 లీటర్లు | 520 | 620 |
| కందిపప్పు | 3 కిలోలు | 450 | 360 |
| కొబ్బరికాయలు | 10 | 150 | 300 |
| మొత్తం | | 6000 | 6410 |

ఇప్పటి మొత్తాన్ని అప్పటి మొత్తంతో భాగించి వందతో గుణించాలి. 6410 ÷ 6000 × 100 = 106.8. మొదటి నెల సూచీ 100, ఇప్పుడు 106.8. అంటే ఏడాది ద్రవ్యోల్బణం 6.8 శాతం.

కొబ్బరికాయ నూరు శాతం పెరిగినా మొత్తం 6.8 దగ్గరే ఎందుకు ఆగింది? ఆరు వేల బుట్టలో కాయల వాటా 150, అంటే 2.5 శాతమే. అది రెట్టింపైతే సూచీకి చేరేది రెండున్నర పాయింట్లు. పాలు పెరిగింది లీటరుకి నాలుగు రూపాయలే, అయినా బుట్టలో 30 శాతం వాటా కాబట్టి ఏకంగా రెండు పాయింట్లు తెచ్చింది. పప్పు తగ్గి ఒకటిన్నర వెనక్కి లాగింది. ఏడు సరుకుల శాతాలు కూడి ఏడుతో భాగిస్తే దాదాపు 17 వస్తుంది. చాలామంది చేసే తప్పు ఇదే. మనసులో ఉండేది కూడా ఆ పదిహేడే, ఎందుకంటే రెట్టింపైన సరుకు గుర్తుంటుంది, తగ్గిన పప్పు గుర్తుండదు.

ప్రభుత్వ సూచీ కూడా ఇలాగే కుటుంబాల ఖర్చు సర్వే నుంచి వాటాలు తీసుకుంటుంది. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న వరుసలో తిండి, పానీయాల వాటా పల్లెల్లో 54.18 శాతం, పట్టణాల్లో 36.29 శాతం. అందుకే కూరగాయలు మండిపోయిన నెలలో పల్లె సూచీ ఎక్కువ ఎగురుతుంది. మీ ఇంటి వాటాలు వేరు కాబట్టి మీ అంకె టీవీ అంకెతో కలవకపోతే కంగారు పడక్కర్లేదు.

ఎక్కడ మోసపోతాం

పైన నూనె వరుస చూడండి. అప్పట్లో లీటరు ప్యాకెట్, అంటే సుమారు 910 గ్రాములు, 130 రూపాయలు. ఇప్పుడు కొట్లో అదే రంగు ప్యాకెట్ 145. అత్తయ్య 145 అనే రాసింది. వెనక్కి తిప్పి చూస్తే 850 గ్రాములు. పాత కొలతకి మార్చాలి: 145 ÷ 850 × 910, దగ్గర దగ్గర 155. ఇది చూసుకోకపోతే సూచీ 106.2 అని వచ్చేది. సబ్బులు, బిస్కెట్లు, టీ పొడి దగ్గర కూడా ధర కంటే ముందు బరువు చదవాలి.

రెండో పొరపాటు పరిమాణం మార్చడం. కాయ ముప్పై అయ్యాక అత్తయ్య పది మానేసి ఆరు కొంది. "ఆరే కొన్నాను కదరా, పది అని ఎందుకు రాస్తావు?" అని నిలదీసింది. ఆరు రాస్తే 180 అవుతుంది, ధర రెట్టింపైనా ఖర్చు ముప్పై రూపాయలే పెరిగినట్టు కనిపిస్తుంది. అప్పుడు మనం కొలిచేది ధరని కాదు, మన సర్దుబాటుని. బుట్టని కదలకుండా పట్టుకునేది అందుకే. దీనికి ఓ లోపమూ ఉంది: పచ్చడిలో కొబ్బరి తగ్గించి పల్లీలు వేసుకున్న ఇంటికి నిజంగా తగిలిన దెబ్బ కంటే స్థిరమైన బుట్ట కాస్త ఎక్కువే చూపిస్తుంది.

మూడోది నెలల పోలిక. కార్తీకంలో కాయలకి గిరాకీ, చేపల అమ్మకం మందకొడి. అందుకని కిందటి నెలతో కాకుండా కిందటి ఏడు అదే నెలతో పోల్చాలి. అప్పుడు కూడా అధిక మాసం చూసుకోండి. 2025లో కార్తీకం అక్టోబర్ 22న మొదలైంది. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల నవంబర్ 10కి జరుగుతుంది. కాబట్టి ఆ రెండేళ్ల అక్టోబర్ చివరి వారాల్ని పోలిస్తే కార్తీకాన్నీ ఆశ్వయుజాన్నీ పోల్చినట్టే.

ఇంకో ఏడాది గడిచి అదే బుట్ట 6600 అయిందనుకోండి. సూచీ 110. దాన్ని 106.8తో పోల్చాలి, 100తో కాదు. పెరుగుదల 3 శాతం. ద్రవ్యోల్బణం 6.8 నుంచి 3కి తగ్గింది, కానీ బుట్ట 190 రూపాయలు ఇంకా పెరిగింది. "ద్రవ్యోల్బణం తగ్గింది" అంటే కొట్లో ధర తగ్గిందని కాదు.

బుట్ట పాతబడితే

నాలుగైదేళ్లకి పిల్లలు హాస్టల్‌కి వెళ్తారు, పాలు సగమవుతాయి, ఫోన్ రీచార్జ్‌లు పెరుగుతాయి. అప్పుడు కొత్త బుట్ట రాయండి, కానీ పాత పుస్తకం పారేయకండి. మార్చే నెలలో రెండు బుట్టలకీ ధరలు కట్టండి. ఆ నెల పాత సూచీ 110 అయితే, కొత్త బుట్టని అదే నెలలో 100 అనుకోండి. తర్వాతి నెల కొత్తది 102 అయితే 110 × 1.02 = 112.2 అని పాత వరుసలోనే రాసుకోవచ్చు. ఆ ఒక్క నెలకి రెండు బుట్టల ధరలూ లేకపోతే ఈ అతుకు పడదు.